హోటల్ మేనేజరుకు ఇరవై నిమిషాల్లో ఒక ఉత్తరం

మీరు ఈ మధ్య ఒక హోటల్లో దిగారు. అక్కడ మీకు ఇబ్బందులు ఎదురయ్యాయి. హోటల్ మేనేజరుకు ఉత్తరం రాయండి. మీ బస వివరాలు చెప్పండి, ఏం జరిగిందో వివరించండి, మేనేజరు ఏం చేయాలని మీరు కోరుకుంటున్నారో తెలపండి.

ఐఎల్ట్స్ జనరల్ ట్రైనింగ్ పరీక్షలో రైటింగ్ విభాగం మొదటి ప్రశ్న తరచూ ఇలా ఉంటుంది. కెనడాకో ఆస్ట్రేలియాకో వలస వెళ్లడానికి దరఖాస్తు చేసే మనవాళ్లు చాలామంది రాసేది ఈ జనరల్ పరీక్షే. పైచదువుల కోసం రాసే అకడమిక్ పరీక్షలో మొదటి ప్రశ్నకు గ్రాఫో పట్టికో ఇచ్చి వర్ణించమంటారు. జనరల్‌లో దాని బదులు ఉత్తరం ఉంటుంది. ఒక్కోసారి స్నేహితుడికి, ఒక్కోసారి ఆఫీసులో పై అధికారికి, ఒక్కోసారి మొహం తెలియని మేనేజరుకు. ఈ మూడింట్లో మనవాళ్లు ఎక్కువగా తడబడేది మూడో రకంలో, అందులోనూ ఫిర్యాదులో.

ఈ పరీక్షకు సిద్ధమయ్యేవాళ్ల ఉత్తరాలు నేను దిద్దుతుంటాను. నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు. ఇంగ్లిషులోనే రోజంతా పనిచేసేవాళ్లు కూడా ఈ ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి ఆరు బ్యాండు దగ్గర ఆగిపోతుంటారు. వాళ్లకు భాష రాక కాదు. ఫిర్యాదు ఉత్తరం ఏ పని చేయాలో, ఎవరితో ఏ స్థాయిలో నిలబడి మాట్లాడాలో స్పష్టంగా తెలియక. వ్యాకరణం తప్పులు దిద్దుకుంటే పోతాయి గానీ ఈ చిక్కు అలా పోదు. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు పరీక్ష లెక్క చూద్దాం. రైటింగ్‌కు మొత్తం గంట సమయం. అందులో ఉత్తరానికి ఇరవై నిమిషాలు, రెండో ప్రశ్నగా వచ్చే వ్యాసానికి నలభై నిమిషాలు కేటాయించుకోమంటారు. ఉత్తరం కనీసం 150 పదాలు, వ్యాసం కనీసం 250 పదాలు ఉండాలి. మార్కుల్లో వ్యాసానిది ఉత్తరానికి రెట్టింపు వాటా. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి దరఖాస్తు చేసేవారికి రైటింగ్‌లో 6 వస్తే అక్కడి భాషా కొలమానంలో ఏడో స్థాయి, 7 వస్తే తొమ్మిదో స్థాయి. ఆ ఒక్క బ్యాండు తేడాతో దరఖాస్తు పాయింట్లు బాగా మారిపోతాయి. ఉత్తరం చిన్నదే అయినా దాన్ని తేలిగ్గా వదిలేయలేనిది అందుకే.

దిద్దేవాళ్లు నాలుగు కోణాల్లో చూస్తారు. అడిగిన పని చేశారా, చెప్పింది ఒక వరుసలో సాగిందా, పదాలు ఎలా వాడారు, వ్యాకరణం ఎలా ఉంది. నాలుగింటికీ సమాన విలువ. మొదటి కోణం గురించి పరీక్ష నిర్వాహకులు బయటికి ఇచ్చిన ప్రమాణాల్లో జనరల్ ఉత్తరానికి ప్రత్యేకంగా రెండు మాటలు పదే పదే కనిపిస్తాయి. ఒకటి ఉద్దేశం, రెండోది స్వరం. ఏడో బ్యాండు ఉత్తరంలో ఎందుకు రాస్తున్నారో స్పష్టంగా తెలియాలి, స్వరం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా, సందర్భానికి తగినట్టు ఉండాలి. ఆరో బ్యాండు అయితే ఉద్దేశం మొత్తం మీద అర్థమవుతుంది గానీ స్వరం అక్కడక్కడా మారిపోతుంటుంది. ప్రశ్న కింద చుక్కలు పెట్టి అడిగిన మూడు పనుల్లో ఒకటి పూర్తిగా వదిలేస్తే ఆ కోణంలో నాలుగుకు పడిపోయే ప్రమాదం ఉంది, ఇంగ్లిషు ఎంత బాగున్నా సరే.

స్వరం ఎక్కడ మారిపోతుందో చెప్పాలంటే మన బడి రోజులకు వెళ్లాలి. మనలో చాలామంది ఇంగ్లిషులో రాసిన మొదటి ఉత్తరం లీవ్ లెటర్. రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి, ఐ బెగ్ టు స్టేట్ అని నడిపి, యువర్స్ ఒబీడియెంట్లీ అని ముగించాం. ఆ ఉత్తరం రాసిన పిల్లవాడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. హెడ్మాస్టరు దయ తలిస్తే సెలవు దొరుకుతుంది. తర్వాత ఉద్యోగంలో చేరాక ఆఫీసు ఉత్తరాల్లో అదే వినయం ఇంకో రూపంలో కొనసాగింది. కైండ్లీ డు ది నీడ్‌ఫుల్ అంటాం. ఐ హంబ్లీ రిక్వెస్ట్ యు అంటాం. హోటల్ మేనేజరుకు రాసేటప్పుడు కూడా చేతికి ఇవే వస్తాయి. డబ్బు కట్టి, సరిపోని సేవ పొంది, దాని గురించి అడుగుతున్న మనిషి బతిమాలాల్సిన పనేముంది?

రెండో తప్పు దీనికి పూర్తి వ్యతిరేకం. బతిమాలకూడదని ఎవరో చెప్పగానే కొందరు ఒక్కసారిగా కోపంలోకి దూకుతారు. యువర్ హోటల్ ఈజ్ ది వరస్ట్ హోటల్ ఇన్ ది వరల్డ్ అని రాస్తారు. ఆశ్చర్యార్థకాలు రెండేసి మూడేసి పడతాయి. వినియోగదారుల కోర్టుకు వెళతాను, సోషల్ మీడియాలో పెడతాను, మీ సిబ్బందికి సంస్కారం లేదు అని రాస్తారు. ఇలాంటి ఉత్తరం చదివిన మేనేజరుకు మీకు కోపం వచ్చిందని తెలుస్తుంది గానీ, ఏం జరిగిందో, తను ఏం చేయాలో తెలియదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఈ రెండూ కలిసిన ఉత్తరం. మొదటి పేరాలో బతిమాలడం, రెండో పేరాలో తిట్టడం, చివర్లో మళ్లీ కైండ్లీ. స్వరం అక్కడక్కడా మారిపోతుంది అని ప్రమాణాల్లో ఉన్నమాట అచ్చంగా ఇలాంటి ఉత్తరానికి వర్తిస్తుంది.

సరైన స్వరం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుందని అనుకోకండి. అది వేరే చోటి నుంచి వస్తుంది. మీరూ మేనేజరూ సమానులు. మీ మధ్య ఒక ఒప్పందం ఉంది, ఒక పక్షం తన మాట నిలబెట్టుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, దానికి తగినది అడుగుతున్నారు, అంతే. కోపం చూపించాల్సిన పని వివరాలదే. రాత్రి తొమ్మిదింటికి చెబితే మర్నాడు మధ్యాహ్నందాకా ఎవరూ రాలేదు అని రాశారనుకోండి, దాని పక్కన హారిబుల్ అన్న విశేషణం అవసరమే లేదు.

ఇప్పుడు ఒక ఉత్తరం మొదటి నుంచి కట్టి చూద్దాం. రాసేది కెనడాకు సిద్ధమవుతున్న ఒక నర్సు అనుకుందాం. చాలామంది ఇక్కడే తొందరపడి లండన్‌లో హోటలు, మిస్టర్ స్మిత్ లాంటి పేర్లు ఊహించుకుంటారు. ఎప్పుడూ చూడని ఊరి గురించి రాస్తే వివరాలు రావు, అన్నీ పొడిపొడి మాటలే వస్తాయి. దిద్దేవాళ్లు మీరు నిజంగా అక్కడ దిగారా అని చూడరు. విశాఖలో బీచ్ ఒడ్డున ఒక హోటలు అనుకుంటే చాలు. మన నర్సు తన అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు కోసం వాళ్లను తీసుకుని మే నెలలో అక్కడ రెండు రాత్రులకు దిగింది.

ఆమె మొదటి చిత్తులో ఆరు ఫిర్యాదులున్నాయి. అడిగిన గది ఇవ్వలేదు. ఏసీ పనిచేయలేదు. టిఫిన్ చల్లారిపోయి ఉంది. తువాళ్లు మాసి ఉన్నాయి. వైఫై నెమ్మది. రిసెప్షన్‌లో అమ్మాయి విసుక్కుంది.

"ఇన్ని ఎందుకమ్మా?" అని అడిగితే వచ్చే జవాబు నాకు అలవాటే.

"ఎక్కువ తప్పులు రాస్తే ఎక్కువ మార్కులొస్తాయి కదా మేడమ్. ఫిర్యాదు గట్టిగా ఉంటుంది."

నిజానికి ఉత్తరం పలచబడేది ఇక్కడే. ఆరు తప్పులు రాస్తే ఒక్కొక్కదానికి ఒక వాక్యమే దక్కుతుంది. అది జాబితా అవుతుంది గానీ వివరణ కాదు. ప్రశ్న అడిగింది ఏం జరిగిందో వివరించమని. ఇంకో సంగతి, తువాళ్లు మాసి ఉండటం, వైఫై నెమ్మదించడం లాంటి వాటితో ఎవరి బసా పాడైపోదు. వాటిని పెద్దవాటి పక్కన పెడితే పెద్దవి కూడా చిన్నగా కనిపిస్తాయి. రెండే తీసుకోవాలి. ఆ రెండూ ఒకదానికొకటి సంబంధం ఉన్నవైతే ఇంకా మంచిది. ఇక్కడ ఎంచుకోవాల్సినవి గది, ఏసీ. ఏసీ పాడవడం ఎక్కడైనా జరుగుతుంది, అది పెద్ద తప్పేమీ కాదు. చెప్పిన తర్వాత కూడా ఎవరూ రాకపోవడం తప్పు. ఫిర్యాదు దాని మీద నిలబడాలి.

ఇంకొకటి కావాలి, చాలా ఉత్తరాల్లో ఇదే ఉండదు. ఆ తప్పు వల్ల మీకు ఏం నష్టం జరిగింది? మే నెలలో విశాఖలో ఏసీ లేని గదిలో డెబ్భై ఏళ్ల మనిషికి రాత్రంతా నిద్ర పట్టలేదు. పక్క గదుల్లో మరమ్మతులు జరుగుతుండటంతో పొద్దున ఏడింటి నుంచే డ్రిల్లింగ్ మోత. పెళ్లిరోజు సాయంత్రం ఆ హోటల్ రెస్టారెంట్లోనే భోజనానికి టేబుల్ బుక్ చేసుకున్నారు. ఆ భోజనం చేయకుండానే, రెండో రాత్రి ఉండకుండానే ఇంటికి తిరిగొచ్చేశారు. ఇప్పుడు బస పాడైందని మీరు విడిగా చెప్పక్కర్లేదు. తప్పు, దానివల్ల కష్టం, ఆ కష్టం వల్ల వదులుకున్నది, ఈ మూడూ ఒక గొలుసుగా కలిశాయి. చెప్పింది ఒక వరుసలో సాగిందా అని చూసే రెండో కోణానికి కూడా ఈ గొలుసే పనికొస్తుంది. కారణం నుంచి ఫలితానికి వాక్యం దానంతటదే నడిస్తే, మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, ఇన్ అడిషన్ అని ప్రతి వాక్యం నెత్తిన ఒకటి పెట్టే అవసరం రాదు.

మూడో చుక్క దగ్గరికి వద్దాం. మేనేజరు ఏం చేయాలి? నేను చూసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇక్కడే నీరుగారిపోతాయి. రెండు పేరాలు బాధలు చెప్పుకుని, సమయం అయిపోతోందని, ప్లీజ్ టేక్ నెసెసరీ యాక్షన్ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఏ యాక్షన్? మేనేజరు ఏం చేస్తే మీరు ఊరుకుంటారు? డబ్బు తిరిగివ్వాలా, క్షమాపణ చెప్పాలా, సిబ్బందితో మాట్లాడాలా? ఉత్తరం ఉద్దేశం స్పష్టంగా ఉందా లేదా అనేది తేలేది ఈ పేరాలోనే. పరీక్షలోనే కాదు, నిజంగా హోటల్‌కు రాసే ఉత్తరంలో కూడా అంతే. ఫలానా మొత్తం ఫలానా కారణానికి అని అడిగినవాళ్లకు అవుననో కాదనో చెప్పక తప్పదు. తగిన చర్య తీసుకోండి అన్నవాళ్లకు క్షమించండి అని ఒక్క ముక్క రాసి పంపేయొచ్చు.

అడిగేది జరిగిన నష్టానికి సరిపోయేలా ఉండాలి. మన నర్సు చిత్తులో మొత్తం డబ్బు వాపసు, పైగా ఇంకో రెండు రోజులు ఉచితంగా బస, మానసిక వేదనకు పరిహారం అని రాసింది. మొదటి రాత్రి వాళ్లు ఆ గదిలో ఉన్నారు. కాబట్టి ఆ రాత్రికి మొత్తం వాపసు అడగడం కంటే సముద్రం వైపు గదికీ వాళ్లకిచ్చిన గదికీ ఉన్న ధర తేడా అడగడం సబబు. రెండో రాత్రి వాళ్లు ఉండలేకపోయారు, దానికి మొత్తం అడగొచ్చు. సముద్రం వైపు గది రోజుకు 7,500 రూపాయలు, వెనక వైపు గది 5,000 అనుకుంటే, మొదటి రాత్రికి తేడా 2,500, రెండో రాత్రికి పూర్తి 7,500, కలిపి 10,000 రూపాయలు. పరీక్ష కాగితం మీద ఈ అంకెలన్నీ రాయాల్సిన పని లేదు. కానీ మనసులో ఈ లెక్క వేసుకుంటే ఉత్తరంలో అడిగేది గట్టిగా, న్యాయంగా వినిపిస్తుంది.

ఈ సరుకంతా ఉత్తరంలోకి వచ్చాక దాని సారం తెలుగులో ఇలా ఉంటుంది:

డియర్ సర్ ఆర్ మేడమ్,

మే 20 నుంచి రెండు రాత్రుల కోసం మీ హోటల్‌లో మా కుటుంబం దిగిన 214వ గది విషయంలో ఎదురైన ఇబ్బందుల గురించి ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా తల్లిదండ్రుల నలభయ్యో పెళ్లిరోజు జరుపుకోవడానికి రెండు నెలల ముందే సముద్రం వైపు గది బుక్ చేసుకున్నాను.

మేము వచ్చేసరికి ఆ గది ఖాళీ లేదని చెప్పి, మరమ్మతులు జరుగుతున్న గదుల పక్కన, వెనక వైపున్న గది ఇచ్చారు. అందులో ఏసీ పనిచేయలేదు. ఈ విషయం రాత్రి తొమ్మిదింటికే రిసెప్షన్‌లో తెలియజేశాను. వెంటనే మెకానిక్‌ను పంపుతామన్నారు గానీ మర్నాడు మధ్యాహ్నం వరకు ఎవరూ రాలేదు. వేడికి మా నాన్న రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున ఏడింటికి పక్కనే డ్రిల్లింగ్ మొదలైంది. చివరికి ఆ సాయంత్రం మీ రెస్టారెంట్లో ఏర్పాటు చేసుకున్న విందు రద్దు చేసుకుని, ఒకరోజు ముందే వెళ్లిపోవాల్సి వచ్చింది.

కాబట్టి మేము వాడుకోని రెండో రాత్రికి కట్టిన డబ్బు పూర్తిగా, మొదటి రాత్రికి రెండు గదుల ధరల మధ్య తేడా వాపసు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మా ఫిర్యాదుకు ఆ రాత్రి ఎవరూ ఎందుకు స్పందించలేదో కూడా తెలియజేస్తే సంతోషిస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ,

కింద పేరు. ఇంగ్లిషులో ఇది 170 నుంచి 190 పదాల మధ్య వస్తుంది, అది సరైన కొలత. పైన చిరునామా రాయనక్కర్లేదని ప్రశ్నలోనే చెబుతారు. డియర్ సర్ ఆర్ మేడమ్ అని మొదలుపెట్టమని కూడా ప్రశ్నలోనే ఉంటుంది. పేరు తెలియని మనిషికి అలా మొదలుపెట్టినప్పుడు యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ అని ముగించడం బ్రిటిష్ పద్ధతి. పేరుతో పిలిచినప్పుడు యువర్స్ సిన్సియర్లీ. రెస్పెక్టెడ్ సర్ అనేది మనవాళ్ల వాడుకే గానీ ఈ పరీక్ష అడిగే తీరు అది కాదు.

ఉత్తరంలో ఉద్దేశం ఎక్కడ ఉందో గమనించండి. మొదటి వాక్యంలోనే. ఎండలు, ప్రయాణం, పెళ్లిరోజు సంబరం గురించి రెండు మూడు వాక్యాలు రాశాక ఫిర్యాదు సంగతికి రావడం కథ రాసేటప్పుడు బాగుంటుంది. ఇక్కడ మాత్రం చదివేవాళ్లు మొదటి వాక్యంలోనే దాన్ని వెతుక్కుంటారు. ఐ యామ్ రైటింగ్ టు కంప్లెయిన్ అబౌట్ అనే మామూలు మాటే చాలు. దానికి అలంకారాలు అక్కర్లేదు. ఐ యామ్ రైటింగ్ దిస్ లెటర్ టు ఎక్స్‌ప్రెస్ మై డీప్ డిస్‌శాటిస్‌ఫాక్షన్ అని కోచింగుల్లో బట్టీ పట్టించిన వాక్యంతో మొదలయ్యే ఉత్తరాలు కుప్పలు తెప్పలు. ఆ వాక్యం తప్పేమీ కాదు. అయితే దాని వెనకాల వచ్చే సొంత వాక్యాలు వేరే స్థాయిలో ఉంటే బట్టీ పట్టింది ఏదో, రాసింది ఏదో రెండు పేరాల్లోనే బయటపడిపోతుంది.

బట్టీ గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చాలా శిక్షణ దాని మీదే నడుస్తోంది. ఫిర్యాదు ఉత్తరానికి ఒక నమూనా ఇచ్చి, ఖాళీల్లో హోటల్ అనో రెస్టారెంట్ అనో విమాన సంస్థ అనో నింపుకోమంటారు. పరీక్షలో ప్రశ్న కొద్దిగా మారితే ఆ నమూనా కూలిపోతుంది. ఒకసారి మూడో చుక్కలో ఏం చేయాలో చెప్పమంటారు. ఇంకోసారి మీ సెలవు మీద దాని ప్రభావం ఏమిటో వివరించమంటారు. ఇంకోసారి మీరు హోటల్ సిబ్బందికి చెప్పినప్పుడు ఏం జరిగిందో రాయమంటారు. చుక్కలు చదవకుండా బట్టీ ఉత్తరం దించేస్తే ఒక చుక్క గాల్లోనే ఉండిపోతుంది. నమూనా నేర్చుకోవాలనుకుంటే మొదలూ ముగింపూ నేర్చుకుంటే చాలు. మధ్యలో ఉన్న రెండు పేరాలు ప్రశ్న చూశాకే పుట్టాలి.

ఇక భాష సంగతి. మనవాళ్లకు ఈ ఉత్తరంలో ఎక్కువగా చిక్కు తెచ్చేది కాలం. ఫిర్యాదంటే జరిగిపోయినదాని గురించే కదా, అన్నీ భూతకాలంలో రాస్తే సరిపోతుందనుకుంటారు. కానీ బుక్ చేసుకోవడం హోటల్‌కు రావడానికి ముందు జరిగింది, అందుకే ఇంగ్లిషులో ఐ హాడ్ బుక్డ్ అని వస్తే బాగుంటుంది. మాకు వేరే గది ఇచ్చారు అనడానికి వి వర్ గివెన్ అని రాస్తే, ఇచ్చిందెవరో చెప్పక్కర్లేదు, రిసెప్షనిస్టును నిందించినట్టూ ఉండదు. ఫిర్యాదులో ఈ కర్మణి వాక్యం చాలా పనికొస్తుంది. తెలుగులో అంతగా వాడం కాబట్టి మనకు చేతికి రాదు. అందుకే సాధన చేయాలి.

చిన్నవాటిలో కూడా మన ముద్ర తెలిసిపోతుంది. దే టోల్డ్ దట్ అని రాస్తాం, టోల్డ్ తర్వాత ఎవరికి అన్నది రావాలి, దే టోల్డ్ మి దట్. డిస్కస్డ్ అబౌట్ అంటాం, అబౌట్ అక్కర్లేదు. రూమ్ బాయ్, రిసెప్షన్ పీపుల్ లాంటివి మనకు సహజం, ఉత్తరంలో ఎ మెంబర్ ఆఫ్ స్టాఫ్, ది రిసెప్షనిస్ట్ అంటే నప్పుతుంది. ఎ, ద లాంటి ఆర్టికల్స్ తెలుగులో లేవు కాబట్టి రాసేటప్పుడు జారిపోతుంటాయి. చివర్లో ఒకసారి వాటికోసమే ఉత్తరం మొత్తం చదవడం మంచి అలవాటు. డిడ్‌న్ట్, వాజ్‌న్ట్ అని కుదించి రాస్తే స్వరం జారిపోయినట్టే, విడదీసి రాయాలి. స్పెల్లింగ్‌లో ఎక్కువగా తప్పేది అకామొడేషన్. అందులో సీ రెండు, ఎమ్ రెండు. హోటల్ ఉత్తరంలో ఆ మాట రాకుండా ఉండదు, అందుకే ముందే నేర్చుకోండి.

అడిగే వాక్యం గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. ఐ వాంట్ ఎ రిఫండ్ అంటే మరీ మొహం మీద కొట్టినట్టు ఉంటుంది. ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ రిఫండ్ అంటే మళ్లీ చేతులు కట్టుకున్న పిల్లవాడే. ఐ వుడ్ దేర్‌ఫోర్ ఆస్క్ యు టు రిఫండ్ అంటే మర్యాదగానూ ఉంది, వెనక్కి తగ్గినట్టూ లేదు. దేర్‌ఫోర్ అన్న ఒక్క మాట పైన చెప్పిన గొలుసును ఇక్కడికి తెచ్చి కట్టేస్తుంది. రెండోది అడిగేటప్పుడు ఐ వుడ్ ఆల్సో అప్రీషియేట్ యాన్ ఎక్స్‌ప్లనేషన్ అనొచ్చు. జవాబు రాకపోతే ఏం చేస్తారో ఈ ఉత్తరంలో బెదిరించక్కర్లేదు. ఇది మొదటి ఉత్తరం, మేనేజరుకు ఇంకా జవాబు చెప్పే అవకాశమే రాలేదు. నిజ జీవితంలో జవాబు రాకపోతే మనదేశంలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద కమిషన్లున్నాయి. అక్కడికి వెళ్లినా తేదీలు, గది నంబరు, చెప్పిన సమయం, అడిగిన మొత్తం ఉన్న ఇలాంటి ఉత్తరం నకలే మీ చేతిలో ఉండాలి.

ఇరవై నిమిషాల్ని ఎలా వాడుకోవాలి? మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ రాయకండి. ప్రశ్నలోని ఒక్కో చుక్క పక్కన రెండేసి మాటలు గీసుకోండి. ముందు మూడో చుక్క తేల్చుకోండి, ఏం అడగబోతున్నారో. తర్వాత వెనక్కి వచ్చి, ఆ అడిగేదానికి ఆధారమయ్యే రెండు తప్పులు ఎంచుకోండి. ఈ వరుసలో ఆలోచిస్తే చివరి పేరా నీరుగారదు. రాయడానికి పన్నెండు పదమూడు నిమిషాలు చాలు. కంప్యూటర్ మీద రాసేవాళ్లకు పదాల లెక్క తెర మీద కనిపిస్తుంది. కాగితం మీద రాసేవాళ్లు తమ చేతిరాతలో ఒక పంక్తికి సుమారు ఎన్ని పదాలు పడతాయో ఇంట్లోనే లెక్కేసుకోవాలి. పరీక్ష హాల్లో ఒక్కొక్కటీ లెక్కపెడుతూ కూర్చుంటే సమయం పోతుంది. 150 దాటకపోతే ఏదో ఒక చుక్కకు వివరణ తక్కువైందనే అర్థం. 220 దాటుతుంటే ఆపేయాలి, ఆ పైన రాసే ప్రతి వాక్యం వ్యాసం నుంచి దొంగిలించిన సమయంతో రాసిందే.

మిగిలిన మూడు నిమిషాలు తిరిగి చదవడానికి. మొదటిసారి మూడు చుక్కలూ వచ్చాయా అని మాత్రమే చూడండి, వేలు పెట్టి చూపించగలగాలి. రెండోసారి కాలాలు, ఆర్టికల్స్. కైండ్లీ, హంబ్లీ, ఆశ్చర్యార్థకాలు ఎక్కడైనా దూరి ఉంటే కొట్టేయండి. తర్వాత వ్యాసం ప్రశ్నకు వెళ్లండి, దానికి పూర్తిగా నలభై నిమిషాలు మిగిలి ఉండాలి.